ఆడవాళ్ళ వైపు బాక్సు

పెళ్ళిళ్ళ సీజను అయిపోయిందంటే అందరికీ అయిపోయినట్టే. మాకు మాత్రం అప్పుడే మొదలవుతుంది. మా ఆయన కెమెరా భుజాన వేసుకుని వినుకొండ నుంచి మాచర్ల దాకా తిరిగి తీసిన పెళ్ళిళ్ళన్నీ హార్డు డిస్కుల్లో వచ్చి నా నెత్తిన కూర్చుంటాయి. నరసరావుపేటలో మా ఇంటి ముందు గదే ఆ వీడియోలను కత్తిరించి అతికే మా మిక్సింగ్ గది. బయట బోర్డు మీద ఆయన పేరు ఉంటుంది, లోపల కంప్యూటరు ముందు నేనుంటాను. పరాయి వాళ్ళ పెళ్ళికూతుళ్ళను, వాళ్ళ మేనమామలను, భోజనాల బంతిలో కెమెరాను చూసి సర్దుకు కూర్చునే పెద్దాళ్ళను చూసి చూసి నాకు మనుషుల ముఖాల మీద విసుగొచ్చేసింది. నిద్రపోయినా చెవుల్లో బ్యాండు మేళమే. ఇంట్లో ఎవరన్నా గట్టిగా పిలిస్తే కసురుకునేదాన్ని.

అలాంటి ఒక మధ్యాహ్నం, కరెంటు పోయి అప్పుడే వచ్చిందేమో, కంప్యూటరు మళ్ళీ లేచేదాకా బల్ల మీద తల ఆనించుకుని కూర్చున్నాను. గుమ్మంలో చెప్పులు విడిచిన చప్పుడు. శావల్యాపురం అవతల పల్లె నుంచి బస్సెక్కి వచ్చిన ఒకామె. నా కంటే నాలుగైదేళ్ళు చిన్నదేమో. అంగన్‌వాడీలో టీచరునని చెప్పింది. కొంగుకు ముడేసిన పెన్‌డ్రైవు విప్పి నా ముందు పెట్టింది.

"అక్కా, మా నాన్న పాట ఒక బాక్సులోనే పాడతంది. రెండో దాంట్లో రావట్లా. రేపు పొద్దున్నే ఆయన జ్ఞాపకార్థ కూడిక."

రేపటి పని ఇవాళ తెచ్చే వాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. "బాక్సు పోయిందేమో చూసుకోకపోయారా? వైరు ఊడిందేమో?" అన్నాను తల ఎత్తకుండానే.

"అన్నీ చూశాం అక్కా. వేరే పాటేస్తే రెండూ మోగుతున్నయ్. యాంప్లిఫయరు దగ్గర వైర్లు అటుదిటు, ఇటుదటు మార్చి పెట్టారు. అప్పుడు ఆడవాళ్ళ వైపు బాక్సు పాడింది, మగాళ్ళ వైపుది మూగబోయింది. బాక్సులు బాగానే ఉన్నయ్. పాటలోనే ఉంది తేడా."

అప్పుడు తలెత్తాను. వైర్లు మార్చి చూసి మరీ వచ్చిన మనిషిని కసరడానికి నోరు రాలేదు. కూర్చోమని మంచినీళ్ళిచ్చాను.

వాళ్ళ చర్చిలో ఆచారం ప్రకారం ఒక వైపు మగవాళ్ళు, ఒక వైపు ఆడవాళ్ళు కూర్చుంటారు. మధ్యలో నడవడానికి దారి. గోడకు ఎడమ వైపు బాక్సు మగవాళ్ళ మీద, కుడి వైపుది ఆడవాళ్ళ మీద. అందరికీ అందరి గొంతూ వినిపించినంత కాలం ఏ బాక్సు ఎవరిదన్న పట్టింపు లేదు. ముందురోజు సాయంత్రం పెద్దాయన పాట వేసి చూస్తే మగవాళ్ళ వైపు ఆయన గొంతు ఖంగుమంది, ఆడవాళ్ళ వైపు చడీచప్పుడు లేదు. ఆయన భార్య కూర్చునేది ఆడవాళ్ళ వైపు, ఆ బాక్సు కిందే.

"మా అమ్మ ఏమందో తెలుసా? బతికున్నన్నాళ్ళూ ఆ మనిషి మగాళ్ళ అరుగు మీదే, పోయినాక కూడా అటే పోయి కూర్చున్నాడంది." ఆమె నవ్వబోయి ఆగిపోయింది. "చెవి అంత బాగా వినపడదక్కా మా అమ్మకి. అవతలి బాక్సు మోగితే ఆమెకేం అర్థం కాదు. ఆయన పోయినకాణ్ణించి ఆమె అడిగింది ఇదొక్కటే. నలుగురిలో కూర్చుని ఒకసారి వినాలంట. వైర్లు అట్టా మార్చే ఉంచుదామంటే, మరి మగాళ్ళు వినొద్దా అంటన్నారు పెద్దలు."

ఆ పెద్దాయన కౌలు రైతు. చదువు లేదు. పొలంలో గొడ్లను తోలుకుంటూ తనంతట తానే కీర్తనలు కట్టేవాడట. కాగితం మీద ఒక్కటీ లేదు. ఊళ్ళో అందరూ ఇష్టపడే పాట ఒకటుంది, కోతల పాట. అది ఎవరు ఎంత ప్రయత్నించినా ఆయనలా రాదని చెప్పింది. మూడో చరణం ముందు ఆయన ఆగుతాడట. డోలక్ వాయిస్తూనే ఉంటుంది, ఆయన కళ్ళు మూసుకుంటాడు, అందరూ ఊపిరి బిగబడతారు, అప్పుడు ఎత్తుకుంటాడు. "ఆ ఆగడమే అక్కా పాటంతా. ఆ ఆగినప్పుడు దేవుడు ఆయనతో మాట్లాడతాడనేవాళ్ళు." పోయినేడు చర్చి పండగకు పాస్టరు అయ్యగారి బంధువు ఎవరో చిన్న కెమెరాతో వచ్చి ఆ పాట తీశాడు. ఆయన పాట ఉన్నది అదొక్కటే.

"మరి ఇన్నాళ్ళూ తెలియలేదా ఒక వైపే వస్తోందని?"

"ఫోన్లలో చూసేవాళ్ళం గదా. బాగానే వినపడేది."

అదీ నిజమే. మా దగ్గర జనం వాడే మామూలు ఫోన్లకు చాలావాటికి ఉన్నది ఒకటే స్పీకరు. ఎడమా కుడీ రెండూ కలిపి ఫోను అందులోంచే పంపిస్తుంది. రెండు బాక్సులు ఎదురుబొదురు పెట్టినప్పుడే ఎవరి భాగం వాళ్ళది తేలుతుంది, అన్నదమ్ములు పొలం పంచుకున్నట్టు.

హెడ్‌ఫోన్లు పెట్టుకుని వేశాను. ఎడమ చెవిలో పాట. తిప్పి పెట్టుకున్నాను, ఇది నా అలవాటు, నా హెడ్‌ఫోన్లను నేనే నమ్మను. ఇప్పుడు కుడి చెవిలో పాట. సరే, తప్పు ఫైలులోనే ఉంది. సాఫ్ట్‌వేరులో తెరిచాను. పైన ఎడమ చానెలు, ఎండిన వాగు గట్టులా ఎత్తుపల్లాలతో నిండుగా ఉంది. కింద కుడి చానెలు దాదాపు గీత గీసినట్టు ఉంది.

ఇది నాకు రోజూ ఎదురయ్యే జబ్బే. పైది కాపీ చేసి కింద అతికిస్తే రెండు బాక్సుల్లోనూ ఒకే పాట వస్తుంది. టీ కాగేలోపు అయిపోయే పని. "ఉండమ్మా, ఇప్పుడే ఇస్తా" అన్నాను. మనసులో మాత్రం, తొందరగా పంపించి ఓ పది నిమిషాలు నడుం వాల్చుదామనుకున్నాను.

మౌస్ మీద చెయ్యి ఉండగానే ఆమె అంది, ఏదో గుర్తొచ్చినట్టు. "మా అమ్మ ఇంకోటి కూడా అంటందక్కా. నిన్న ఆ మోగని బాక్సు కింద కూర్చుని, ఇది చావలా, ఇందులో నేనుండా అంటంది. గోడకు చెవి ఆనించి కూర్చుంది. మనిషి పోయిన దిగులుకి మతి చెదిరిందేమోనని భయమేసింది."

ఎండిపోయిన చానెలుకీ చచ్చిన చానెలుకీ తేడా ఉంటుంది. చచ్చింది సరిగ్గా గీతలా ఉంటుంది. ఇది అలా లేదు, అక్కడక్కడా సన్నగా వణుకుతోంది. అలసిపోయి ఉన్నాను కాబట్టి పట్టించుకోలేదు. ఆ మాట వినకపోతే అతికించేసేదాన్నే. పై చానెలు మూసేసి, కిందదాని వాల్యూము పెంచుకుంటూ పోయాను. ముందు గరగర. ఆ గరగర వెనక, బావిలోంచి వచ్చినట్టు, డోలక్. దూరంగా ఆయన పాట. అంతకంటే దగ్గరగా గుడ్డ రాసుకున్న చప్పుడు, ఒక ముసలి ఊపిరి.

"మీ అమ్మక్కూడా మైకు పెట్టారా ఆ రోజు?"

"పెట్టారు. పాటయ్యాక దేవుడు చేసిన మేలు గురించి ఆమె సాక్ష్యం చెప్పాలని. రెండు చిన్న మైకులు తెచ్చాడు, చొక్కాకి తగిలించుకునేవి. ఒకటి నాన్నకి, ఒకటి అమ్మకి. తీరా పిలిస్తే ఆమె లేచి, నాదేముంది, ఆయన పాడాడుగా అని కూర్చుంది."

అప్పుడు మొత్తం అర్థమైంది. ఆ జంట మైకులకు కెమెరాలో గుచ్చే పెట్టె ఒకటే. దాంట్లో రెండు పద్ధతులుంటాయి. ఒక పద్ధతిలో రెండు మైకుల శబ్దాన్నీ కలిపి రెండు వైపులకీ ఇస్తుంది. రెండో పద్ధతిలో ఒక మైకును ఎడమకు, ఇంకో మైకును కుడికి విడివిడిగా పంపిస్తుంది. తర్వాత మాలాంటి వాళ్ళు సర్దుకోవడానికి పనికొచ్చే పద్ధతది. తీసినాయన రెండోదాంట్లో పెట్టి, సర్దకుండానే ఇచ్చేశాడు. భర్త ఎడమకు వెళ్ళాడు, భార్య కుడికి వెళ్ళింది. ఆమె మైకుకు పైగా చెంగు నిండా కప్పుకుని కూర్చుంది కాబట్టి ఆ కాస్త శబ్దమూ అణిగిపోయింది.

రెండో చరణం అయింది. డోలక్ నడుస్తోంది. ఆయన ఆగాడు. ఆ ఆగినచోట, నా చెవికి ఆనుకుని చెప్పినంత దగ్గరగా, గుసగుసగా ఒక ఆడగొంతు.

"కళ్ళం... కళ్ళమూడ్చిన నాడు..."

వెంటనే దూరంగా ఆయన గొంతు అందుకుంది. "కళ్ళమూడ్చిన నాడు గింజ నీదే తండ్రీ..."

వెనక్కి లాగి మళ్ళీ విన్నాను. మళ్ళీ అదే. మొదటికి వెళ్ళాను. మొదటి చరణానికి ముందూ ఉంది, రెండోదానికి ముందూ ఉంది. అక్కడ ఆయన ఆగకుండా అందుకున్నాడు కాబట్టి తెలియలేదంతే. మూడోదాని దగ్గర రెండుసార్లు అందిస్తే గానీ అందుకోలేదు. ఊరంతా దేవుడు మాట్లాడతాడనుకున్న చోట మాట్లాడింది ఆమె.

నేను హెడ్‌ఫోన్లు తీసి కూతురి చెవులకు పెట్టాను. వింటూ వింటూ ఆమె కళ్ళు పెద్దవయ్యాయి, తర్వాత నీళ్ళు తిరిగాయి.

"మర్చిపోయేవాడా మా నాన్న?"

"కట్టింది ఆయనే కదమ్మా. దాచింది మీ అమ్మ" అన్నాను.

ఆమె ముక్కు తుడుచుకుంది. "అమ్మ ఎప్పుడూ దారి అంచునే కూర్చునేది. అటు అంచున నాన్న. ఎవరన్నా జరగమంటే జరిగేది కాదు. మొండిదని తిట్టుకునేవాళ్ళం."

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో చెప్పలేను. ఆ పెద్దాయన మీద కాదు, పాపం ఆయనకు మతిమరుపు. అంతమందిలో ఒక్కరూ ఇటు వైపు తల తిప్పి చూడలేదే అని కోపం. ఈ పాటలో ఆమె గొంతు కూడా ఉంచుతాను, పెంచి మరీ ఉంచుతాను, రేపు అందరూ వినాలి అన్నాను. కూతురు కూడా సరేనన్నట్టే తలూపింది. కానీ అడగకుండా ఎలా అని ఫోను కలిపి స్పీకరు పెట్టింది. ముసలామెకు రెండు మూడుసార్లు గట్టిగా చెప్పాల్సి వచ్చింది.

అవతల నుంచి ఆమె అంది. "నేను చెప్పలా, అందులో నేనుండానని."

"అవునమ్మా. నీ మాట కూడా ఉంచుతానంటంది అక్క. అందరూ వింటారు."

"వద్దు. తీసెయ్యమను."

"ఎందుకమ్మా?"

"ఎందుకేంది? ఆ ఆగటం ఆయనదనుకుంటన్నారు ఊరంతా. ఆయనకీ చానా ఇష్టం అట్టా అనుకుంటే. పోయినోడి పరువు ఇప్పుడు తీస్తారా? ఆయన గొంతు ఇటు పక్క వినపడేట్టు చెయ్యండి, అంతే." ఫోను పెట్టేసింది.

నిజానికి పని పద్ధతి ప్రకారం చూసినా ఆమె చెప్పిందే సరైనది. ఆయన గొంతు రెండు మైకుల్లోనూ ఉంది, ఒకదాంట్లో దగ్గరగా, ఒకదాంట్లో దూరంగా. దూరంగా ఉన్నదానికి ఆ గొంతు కాస్త ఆలస్యంగా చేరుతుంది. రెండూ కలిపితే పాట డొల్లగా, రేకుల షెడ్డులో పాడినట్టు అవుతుంది. పైగా కుడి వైపుది ఆ స్థాయికి పెంచితే గరగర కూడా పెరుగుతుంది. ఎడమది ఒక్కటే తీసుకుని రెండు వైపులా వేస్తే శుభ్రంగా ఉంటుంది. ఇదంతా నాకు తెలుసు. తెలిసినా చెయ్యి కదలడానికి టైము పట్టింది. ఎన్నో పెళ్ళిళ్ళలో వెనక నిలబడి దండలందించే ఆడవాళ్ళను ఫ్రేములోంచి కోసేశాను, ఎప్పుడూ ఇంత బరువుగా అనిపించలేదు.

చేసేశాను. కుడి చానెలు మీద ఎడమది అతికించాను. తెర మీద శబ్దం కొలిచే రెండు మీటర్లూ సమానంగా లేచాయి. హెడ్‌ఫోన్లలో పాట తలకు నట్టనడుమ నిలబడింది. మూడో చరణం ముందు డోలక్ ఒక్కటే మోగింది, ఎవరూ మాట్లాడలేదు. పాత ఫైలును మాత్రం చెరపలేదు, వేరే పేరుతో అదే పెన్‌డ్రైవులో ఉంచాను.

"రేపు నువ్వూ రాకూడదా అక్కా? అక్కడ మళ్ళీ ఏమన్నా అయితే మాకు తెలియదు" అంది కూతురు. చేతినిండా పని ఉంది, రాలేనని చెప్పాలి. వస్తానని తల ఊపాను. అలసిపోయినప్పుడు కాదనడానికి కూడా ఓపిక ఉండదు.

పొద్దున్నే వెళ్ళాను. మేం ముస్లింలం, ఆ చర్చిలో నేనెవరికీ తెలియదు. అందరిలాగే చెంగు తల మీదకు లాక్కుని లోపలికి వెళితే ఎవరో జరిగి చాప మీద చోటిచ్చారు. యాంప్లిఫయరు దగ్గర వైర్లు మళ్ళీ మామూలుగా మార్పించి, కాస్త వేసి చూశాను. రెండు వైపులా వచ్చింది. ముసలామె పక్కన కూర్చోబెట్టింది నన్ను కూతురు. ఆమె దారి అంచున కూర్చుని ఉంది. అవతలి అంచున ఎవరూ కూర్చోలేదు. ఆ జాగా వదిలేశారు.

అయ్యగారు వాక్యం చెప్పారు, ఎవరో ప్రార్థన చేశారు. కిటికీలోంచి ఎండ వచ్చి నా వీపు మీద పడుతోంది, రెప్పలు వాలిపోతున్నాయి. అప్పుడు పాట వేశారు.

ఆయన గొంతు రెండు గోడల మీద నుంచీ వచ్చింది. ముసలామె తలెత్తి మా పైనున్న బాక్సును చూసింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని, పెదాలు బిగించి, అలాగే చూస్తూ ఉంది. మొదటి చరణం అయింది. రెండోది అయింది. డోలక్ మోగుతోంది. అందరూ ఊపిరి బిగబట్టారు. మగవాళ్ళ వైపు ఒకాయన అప్పుడే కళ్ళు తుడుచుకుంటున్నాడు.

నా పక్కన ముసలామె కాస్త ముందుకు వంగింది. తల దారి అవతలికి తిప్పింది. చెవి సరిగా వినపడని వాళ్ళకు తమ గొంతు ఎంత గట్టిగా ఉందో తెలియదు.

"కళ్ళమూడ్చిన నాడు" అంది.

డోలక్ మోగుతూనే ఉంది. ఆయన అందుకోలేదు.

"కళ్ళమూడ్చిన నాడు" మళ్ళీ అంది, ఇంకొంచెం గట్టిగా, మొద్దు మనిషికి చెప్పినట్టు.

"కళ్ళమూడ్చిన నాడు గింజ నీదే తండ్రీ" అని రెండు బాక్సుల్లోంచీ ఎత్తుకున్నాడు ఆయన.

చర్చిలో ఒక్కరూ కదల్లేదు. తర్వాత ఒక్కొక్క తలా ఇటు తిరిగింది. ముందు ఆడవాళ్ళవి, తర్వాత దారి అవతల మగవాళ్ళవి. ఆమెకు అప్పుడు తెలిసింది. చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పాట అయిపోయేదాకా అలాగే ఉంది. అయిపోయాక మగవాళ్ళ వైపు నుంచి, కళ్ళు తుడుచుకున్న ఆ ముసలాయన, భర్తకు తమ్ముడి వరసట, నెమ్మదిగా అన్నాడు. "నువ్వా వదినా?"

ఆమె తల దించుకుని చాప అంచు దారాలు పీకుతూ కూర్చుంది. దాచుకున్నదేదో దొంగిలించినట్టు నాకే సిగ్గేసింది.

భోజనాల దగ్గర నేను బస్సుకు బయలుదేరబోతుంటే నా చెయ్యి పట్టుకుని పక్కకు లాగింది. తిడుతుందేమో అనుకున్నాను.

"నా పక్కది పారేశావా అమ్మాయ్?"

"లేదమ్మా. ఉంది. మీ అమ్మాయి దగ్గర పెన్‌డ్రైవులోనే ఉంది. కానీ మీ గొంతు తప్ప అందులో దగ్గరగా ఏం లేదు. ఆయన పాట చాలా దూరంగా, సన్నగా వస్తోంది. బాగుండదు. అసలుది ఇందాక వేశారే, అదే."

ఆమె తల అడ్డంగా ఊపింది.

"నాకు అదే కావాలి. దారి ఇవతల కూర్చుంటే ఆయన నాకు ఎప్పుడూ అట్టాగే వినపడేవాడు."